మల్లీశ్వరి జాకిట్టుకు ఆలస్యంగా వెళ్లిన జవాబు

పదవీ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగు ఉప్పుగూడలోని మహిళా శిక్షణ కేంద్రంలో. హోదా టైలరింగ్ సీనియర్ ఇన్‌స్ట్రక్టర్. లంగాలు, పిల్లల గౌన్లు అయ్యాక కోర్సు చివర్లో జాకిట్ నేర్పేదాన్ని. జాకిట్టుకు చెయ్యి సరిగ్గా ఎక్కించడం వస్తేనే సర్టిఫికెట్ మీద సంతకం. ఈ విషయంలో నాకు కొంచెం పొగరని అక్కడ అనుకునేవారు. కొంచెం అనడం వాళ్ల మర్యాద.

రిటైరయ్యాక ఫోనులో విద్యార్థినుల చాట్లన్నీ ఆర్కైవ్‌లో, అంటే కంటికి కనబడని మూలకు, పడేశాను. ఫొటోలు వాటంతట అవి దిగకుండా సెట్టింగు కూడా మార్చాను. ఆర్కైవ్ చేస్తే ఇక ఎవరూ మెసేజు పంపలేరని నా నమ్మకం. అసలు సంగతి ఏమిటంటే, మెసేజులు వస్తూనే ఉంటాయి. చప్పుడు రాదు, అంతే.

మొన్న వేసవిలో ఫోనులో జాగా అయిపోయింది. ఒక్కో చాటూ తెరిచి ఖాళీ చేస్తుంటే, ఆర్కైవ్‌లో ఫలక్‌నుమా మల్లీశ్వరి పేరు పక్కన ఆకుపచ్చ చుక్క కనిపించింది. రెండేళ్ల నాటి, నేను చదవని మెసేజు. "మేడం, చెయ్యి లేపితే చంక కాడ గుంజుతుంది. తప్పు ఏడున్నదో జర చూసి చెప్పుండ్రి." కింద ఒక ఫొటో, మసకగా ఆకుపచ్చ మరక లాగా. నొక్కితే ఇది ఇప్పుడు అందుబాటులో లేదు, పంపినవారిని మళ్లీ పంపమనండి అని వచ్చింది. అప్పట్లో దించుకోని ఫొటో అవతల ఎల్లకాలం ఉండదట.

మా ఆయన పక్కనుంచి చూశారు. "రెండేండ్లయింది. గా జాకిట్ ఇంకుంటదా? తీసేయ్" అన్నారు. కానీ అప్పటికే చాటు తెరిచేశాను. నేను చదివినట్టు నీలి గీతలు ఆమెకు కనబడతాయి. ఇప్పుడు ఊరుకుంటే చూసి కూడా పలకలేదనుకుంటుంది.

ఆమె మెసేజును కుడివైపుకు జరిపి, దానికే జవాబుగా రాశాను. ఆలస్యానికి క్షమించమని ఒక్క వాక్యం, ఆ తరువాత పాఠం. చెయ్యి పైభాగం ఎత్తు ఎక్కువైందనీ, అది తగ్గించి కొత్త చెయ్యి కత్తిరించమనీ పెద్ద వ్యాసమే పంపాను. మరకను చూసి రోగం తేల్చేశాను. ఉద్యోగంలో ఉండగా ఏ పిల్లైనా ఇలా చేస్తే తరగతి బయట నిలబెట్టేదాన్ని.

కాసేపటికి ఆమే ఫోన్ చేసింది.

"మేడం, నా పాత ఫోన్ ఖరాబైంది. పాత మెసేజులన్నీ పోయినయ్. మీ జవాబు మీద నేనడిగింది గూడ కనవడ్డది. నేను రాసింది నేనే మర్చిపోయిన."

"ఆ ఫొటో నీ దగ్గర ఉన్నదా?"

"ఫొటో లేదు మేడం. జాకిట్టే ఉన్నది."

చార్మినార్ దగ్గర గాజుల దుకాణం నడిపే ఒకామె కుట్టించుకుందట. పై అరలోంచి డబ్బా అందుకోబోతే చెయ్యి లేవక, జాకిట్ తెచ్చి మల్లీశ్వరి ఇంటి గడపలో పెట్టి పోయింది. అప్పటి నుంచి మల్లీశ్వరి బయటివాళ్లకు జాకిట్లు కుట్టడం మానేసి, చీరలకు ఫాల్స్ మాత్రం వేస్తోంది. "నాకు చెయ్యి ఎక్కిచ్చుడు రాదనుకున్న మేడం. మీరు గూడ ఏమనకపోతిరి." ఆమె మామూలుగానే అంది.

వీడియో కాల్ పెట్టమన్నాను. నాకు ఫోను సరిగ్గా పట్టుకోవడం రాక మొదట నా నుదురే పాఠం చెప్పింది. ఆమె జాకిట్ లోపలివైపు బయటికి తిప్పి చంక కుట్టు చూపించింది. అప్పుడు అర్థమైంది. చేతులు రెండూ ఒకేసారి మడత మీద కత్తిరించి, ముందువైపు వంపు మాత్రం కాస్త ఎక్కువ లోతుగా తీస్తాం. మార్కు పెట్టిన సుద్ద చెరిగిపోయి, ఆమె కుడి చెయ్యి ఎడమకూ ఎడమది కుడికీ ఎక్కించింది. లోతు వెనక్కి పోయింది, ముందు బట్ట ముడతలు పడి లాగింది. నేను రాసిన ఎత్తుకూ దీనికీ సంబంధమే లేదు.

"నేను రాసింది కొట్టేయ్. కొత్త చేతులక్కర్లేదు. రెండూ విప్పి అటుది ఇటు, ఇటుది అటు ఎక్కించు."

"గంతేనా మేడం?" అని, ఆగి, "గా పెద్ద మెసేజ్ మస్తుంది గదా, ఉంచుకుంట" అంది. వద్దన్నాను.

రెండు రోజులకు ఫొటో వచ్చింది. ఈసారి వెంటనే దించుకున్నాను. మల్లీశ్వరే ఆ జాకిట్ తొడుక్కుని చేతులు రెండూ తల మీదికెత్తి నిలబడింది. చంక దగ్గర ముడత లేదు. గాజుల దుకాణం ఆమె కాస్త లావైందట. లోపల వదిలిన ఖాళీ బట్ట విప్పి, ఆమె కొలతకు సరిచేసి ఇచ్చానని, మరో రెండు జాకిట్లకు బట్ట కూడా ఇచ్చిందని కింద రాసింది.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి రెండు. బట్టను చూడకుండా తప్పు చెప్పకూడదు. అడిగిన ప్రశ్నకు కాలం చెల్లిందా లేదా అన్నది అడిగినవాళ్లు తేల్చాలి, జవాబు బాకీ ఉన్నవాళ్లు కాదు.