సంతకం కింద నాలుగు భాషలు

కుప్పంలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో చేరిన కొత్తలో, విదేశాలకు వెళ్లే ప్రతి ఈమెయిల్ చివర వచ్చే సంతకాన్ని తయారుచేసే పని నాకు పడింది. పేరు, కింద హోదా, ఆ కింద ప్లస్ తొంభై ఒకటితో మొదలయ్యే ఫోన్ నంబరు పెట్టి, ఎస్టీడీ కోడ్ ముందరి సున్నా తీసేశాను.

“సున్నా యాల తీసేసినావప్పా? ఫోన్ తగల్దే!” అన్నాడు యజమాని.

“బయటి దేశం నుంచి చేసేవాళ్లకు అది ఉంటేనే తగల్దు సార్.”

చివరి వరుసలో నాకు వచ్చిన భాషలు రాశాను: ఇంగ్లీషు, తెలుగు, తమిళం, కన్నడం.

“రాళ్లు కొనేటోళ్లకు ఇవన్నీ యాల?” అని ఆయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ఆ వరుస తీయలేదు.

పుంగనూరు నుంచి వచ్చి అద్దె గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. ఆఫీసులో సరుకు మాట తప్ప మరో మాట ఉండేది కాదు. విదేశాల నుంచి ఫోన్లన్నీ ఇంగ్లీషులోనే వచ్చేవి.

ఒకరోజు దుబాయ్ గోదాము నుంచి ఒకాయన, కంటైనర్ ఎప్పుడు బయల్దేరిందని ఇంగ్లీషులోనే అడిగాడు. చెప్పాను. పెట్టేస్తాడనుకుంటే, “మెయిల్ కింద తెలుగని ఉండాదే. మాది మదనపల్లె. ఆడ వానలు పడినాయా?” అన్నాడు.

కుప్పం వచ్చాక, పనితో సంబంధం లేని మాట నన్నొకరు అడగడం అదే మొదలు.