పౌడరు తీసేసిన ముఖం

నాకు నలభై నిండిన ఏడాది. ఎ.కొండూరులో బడి అయ్యాక తిరువూరు బస్సెక్కితే, కండక్టరు ఒకాయన్ని లేపి, "మామ్మగారికి సీటియ్యవయ్యా" అన్నాడు. మామ్మగారెవరా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక వడ్ల బస్తా ఉంది. ఆ కండక్టరు నాకంటే పదేళ్ళు పెద్దవాడై ఉంటాడు. అయినా నేను ఆ సీటు వదులుకోలేదు. కూర్చుని, తిరువూరు వచ్చేదాకా అతన్ని మనసులో తిడుతూనే ఉన్నాను.

ఆ వేసవి సెలవులకు మా తమ్ముడి భార్య మా ఇంటికి వచ్చింది. పెళ్ళికి ముందు మద్రాసులో ఒక బ్యూటీ పార్లరులో పనిచేసిన పిల్ల. బస్సు సంగతి చెబితే ఓదారుస్తుందనుకున్నాను. ఆమె నన్ను వరండాలో వెలుతురుకెదురుగా కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని, సంతలో గేదెను బేరమాడేవాళ్ళలా అటూ ఇటూ తిప్పి చూసింది.

"కండక్టరు తప్పేం లేదు వదినా. మీ మీద ఇంత పౌడరుంటే ఎవరైనా అలాగే అంటారు."

"పౌడరు తీసేస్తే ఏముంటుందే నా ముఖంలో?"

"చూద్దాం, ఏముందో."

కడిగించింది. రోజుకు మూడుసార్లు నేను రుద్దుకునే సబ్బును ఒక్కసారికి తగ్గించింది. తడి ఆరకముందే కోల్డ్‌క్రీము కొంచెమే రాయమంది. ఎండలో గొడుగు లేకుండా బయటికి వెళ్ళొద్దని ఆజ్ఞ వేసింది. చర్మం ఎండిపోయినచోటే పౌడరు గీతల్లో ఇరుక్కుని, ఉన్న ముడతల్ని ఊరందరికీ చూపిస్తోందట. కింది రెప్పకు కాటుక పెట్టొద్దంది. అది మధ్యాహ్నానికి కారి, కళ్ళ కింద నలుపును రెట్టింపు చేస్తుందట. పై రెప్ప అంచునే, వెంట్రుకల మొదళ్ళలో సన్నగా గీసింది. కళ్ళ కింద మాత్రం నా రంగుకు సరిపోయే మేకప్పు పిసరంత వేలితో అద్దింది. లిప్‌స్టిక్కును కూడా వేలికి రాసుకుని పెదవుల మీద తట్టి, మిగిలింది చెంపల మీద కనిపించకుండా కలిపేసింది. కనుబొమల కింద చెదిరిన వెంట్రుకల్ని దారంతో లాగినప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

ఇక జుట్టు. నూనె కారేలా గట్టిగా దువ్వి, మధ్య పాపిడి తీసి, బిగించి ముడి వేసుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు.

"ఇది ముఖాన్ని కిందికి లాగేస్తోంది" అని కత్తెర తీసింది.

"ఏయ్! మీ అన్నయ్యగారు చూస్తే..."

"అన్నయ్యగారు చూడరు వదినా. మీకు పెళ్ళయి ఇరవయ్యేళ్ళయింది."

చిట్లిన కొసలు కత్తిరించి, పాపిడి పక్కకు జరిపి, చెవుల ముందు కొన్ని వెంట్రుకల్ని మాత్రం చెంప ఎముక దాకా కురచ చేసింది. ముడిని వదులుగా మెడ మీదికి దించింది. అద్దంలో చూసుకుంటే కొత్తమనిషెవరూ లేరు. నేనే, రాత్రి బాగా నిద్రపోయి లేచినదానిలా ఉన్నాను.

ఆ అన్నయ్యగారు, అంటే మా ఆయన, నిజంగానే చూడలేదు. కూరలో ఉప్పు తక్కువైందని మాత్రం గమనించారు.

కొన్నాళ్ళకు చర్మం కూడా తేటపడింది. అప్పుడొక ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు ముఖాలకు రంగులు పూసుకునే ఆడవాళ్ళ మీద ప్రసంగం అందుకున్నారు. తెల్లటి పౌడరుతో వచ్చిన పడుచుపిల్లలంతా తలలు దించుకున్నారు. నేనూ దించబోయాను. ఆయన చెయ్యి చాచి సరిగ్గా నావైపే చూపించారు.

"అదిగో, మన టీచరుగారిని చూడండమ్మా! ఏ పూతా లేదు. దేవుడిచ్చిన కళ!"

పెదవుల మీదున్న కళ చెదరకుండా నేను వినయంగా నవ్వాను. నా పక్కన మా మరదలు దగ్గుతున్నట్టు నటించింది.

మర్నాడు ఉదయం అయ్యగారి భార్య మా గుమ్మంలో నిలబడింది. ఆమెకూ నలభై దాటాయి. ఐదుగురు పిల్లలు. కూర్చోకుండానే అడిగింది.

"టీచరుగారూ, ఆ పై రెప్ప మీద గీత ఎవరు గీశారండీ?"

"ఏ గీతండీ?"

"నేను కళ్ళున్న ఆడదాన్నండీ. అయ్యగారికేం తెలుసు. నాక్కూడా చేయించండి."

మా మరదలు కత్తెర తెచ్చేలోగా ఆమె జడ విప్పేసుకుంది. కోల్డ్‌క్రీము రాసి నెమ్మదిగా వేళ్ళతో ఒత్తుతుంటే కళ్ళు మూసుకుని, "ఎన్నేళ్ళయిందో, నా ముఖాన్ని ఎవరైనా ముట్టుకుని" అంది. ఆ మాటకు మేమిద్దరం నవ్వబోయి, ఆగిపోయాం. మా మరదలు ఇంకాసేపు ఒత్తింది.

తర్వాతి ఆదివారం అయ్యగారు సంతోషంగా సాక్ష్యం చెప్పారు: ఉపవాస ప్రార్థనల వల్ల తన భార్య ముఖంలోకి ఎంత వెలుగు వచ్చిందో అందరూ చూడాలట. ఆమె నావైపు చూసింది. ఇద్దరం పాటల పుస్తకాలు ముఖాలకు అడ్డం పెట్టుకున్నాం. ఆ వారమంతా, ఉపవాసం ఎలా చెయ్యాలో అడగడానికి ఆడవాళ్ళు మా వరండాకు వస్తూనే ఉన్నారు.