తాబేలు పిల్ల అట్ట మీది రెండు ముక్కలు

గ్రంథాలయంలో పిల్లల గది చూసే ఆవిడను అందరూ ‘రెండుముక్కలత్త’ అనేవారు. పడుకోబోయే పిల్లలకు ఏ బొమ్మల పుస్తకం చదవాలో అమ్మానాన్నలకు తెలిసేలా, ప్రతి పుస్తకం లోపలి అట్టకు రెండు వాక్యాల చీటీ అంటించేది. పద్దెనిమిదేళ్లుగా అదే పని.

ఒక ఉదయం తలుపు తీయగానే ఒకాయన లోపలికొచ్చి బల్ల మీద ఒక పుస్తకం పెట్టాడు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి.

“ఈ చీటీ మీరు రాసిందేనా?”

ఆమె చదివింది. ‘తాబేలు పిల్ల అమ్మను వెతుక్కుంటూ సముద్రమంతా తిరుగుతుంది. దారిలో దానికెందరో స్నేహితులు దొరుకుతారు!’

“నేనే రాశానండీ.”

“అమ్మ దొరకదని రాయలేదేం? మా ఆవిడ పోయి నెల కాలేదు. దొరుకుతుందిలే అనుకుని చదివాను. ఆఖరి పేజీలో పిల్ల ఒక్కత్తే ఇసుకలో పడుకుంటుంది. మూడు రోజులైంది, మా అమ్మాయికి కంటి మీద కునుకు లేదు. తను కళ్లు మూస్తే నేనూ పోతానట.”

ఆమె చీటీ మళ్లీ చదివింది. ముగింపు చెబితే కథ చప్పబడుతుందని దాచింది. చీటీ చదివేది పిల్లలు కాదు, ముగింపు తెలియాల్సిన పెద్దవాళ్లని ఆరోజు తట్టనే లేదు.

“తప్పు నాదేనండీ.”

“తప్పొప్పులు నాకొద్దమ్మా. ఇవాళ చదవడానికి ఒకటివ్వండి. ఇదీ బెడిసికొడితే నాకింక దారి లేదు.”

ఆమె అరలన్నీ వెతికింది. తీసిన ప్రతి పుస్తకం అమ్మ కౌగిలితోనే ముగుస్తోంది. ఆయన పిల్లల కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, తల పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి గొడుగు కథ ఒకటి దొరికింది. మొదటి నుంచి చివరిదాకా ప్రతి బొమ్మా రెండుసార్లు చూసి చీటీ రాసింది. ‘హాయిగా ఉంటుంది’ అని రాసి కొట్టేసింది. అది పుస్తకం చెప్పే మాట కాదు, తన ఆశ. చివరికి మిగిలింది ఇది:

‘చిరిగిన గొడుగుతో నాన్నా కూతురూ వానలో నడిచి ఇల్లు చేరి, ఒకే దుప్పటి కప్పుకుని నిద్రపోతారు. ఒక పేజీలో పెద్ద ఉరుము ఉంది; అమ్మ ఎక్కడా కనబడదు, ఎందుకో కథ చెప్పదు.’

ఆయన ఆ చివరి మాట మీద వేలు పెట్టాడు. “అడుగుతుంది” అన్నాడు.

“అడుగుతుంది. ముందే తెలిస్తే మీరేం చెప్పాలో ఆలోచించుకోవచ్చు.”

ఆయన పుస్తకం తీసుకెళ్లాడు.

మర్నాడు సాయంత్రం ఆయనొచ్చాడు.

“అడిగింది. చెప్పాను. ఇద్దరం ఏడ్చాం. మళ్లీ చదవమంది. నాలుగోసారికి నా చొక్కా పట్టుకునే నిద్రపోయింది. తెల్లారుజామున మళ్లీ ఉలిక్కిపడి లేచిందనుకోండి.”

“పుస్తకం ఇంకొన్నాళ్లు ఉంచుకోండి.”

ఆయన వెళ్లాక ఆమె మొదటి అర ముందు కింద కూర్చుంది. ఇంకా సరిచూడాల్సిన చీటీలు తొమ్మిది వందలున్నాయి. ఒక పుస్తకం తీసి, ఆఖరి పేజీ తెరిచింది.