ఆ ముఖానికి నేను పెట్టిన పేరు

పత్తి ఏకే ఇంట్లో పుట్టాను. బడి ముఖం చూడలేదు. పరుపులు కుడుతూనే నాన్న అక్షరాలు దిద్దించాడు. వాటితోనే ఇప్పుడు గుంటూరులో ఇంటి పట్టున కూర్చుని అనువాదాలు చేసుకుంటున్నాను. అల్లా దయ. ఫోన్లలో పంపుకునే బొమ్మ ముఖాలకు తెలుగు పేర్లు రాయడం కూడా అందులో ఒకటి.

ఒక్కో బొమ్మకు రెండు రాయాలి. మొదటిది చిన్న పేరు. చూపు లేనివాళ్లకు ఫోను చదివి వినిపించేది అదే. రెండోది వెతికే మాటలు. ఆ మాటల్లో ఏది టైపు చేసినా ఆ బొమ్మ పైకి రావాలి. మాలాంటి కొందరం రాస్తాం, ఓట్లు వేస్తాం, గెలిచింది ఫోన్లలోకి పోతుంది. పేరు వీలైనంతవరకు బొమ్మలో కనిపించేదే చెప్పాలి. ఏ రెండు బొమ్మలకూ ఒకే పేరు ఉండకూడదు.

అందులో ఒక ముఖం ఉంది. దిగులు కనుబొమలు, వంగిన నోరు, నుదుటి పక్కన ఒక నీటి చుక్క. ఇంగ్లీషు పేరు ఎలా ఉంటే అలా, బొమ్మ వంక చూడకుండా, 'బాధ ఉన్నా ఊరట చెందిన ముఖం' అని రాశాను. తర్వాత వెతికే మాటల దగ్గరికొచ్చి, ఈసారి బొమ్మను మాత్రమే చూసి, చుక్కను కన్నీరనుకుని 'ఏడుపు' చేర్చాను. అది చెమట. గండం గడిచి హమ్మయ్య అనుకునే మనిషి చెమట.

మా అక్క దర్శి దగ్గర ఉంటుంది. నీటికాసులతో రెండు కళ్లూ పోయాయి. పక్షవాతంతో మంచం పట్టిన బావను మూడేళ్లు ఆమె మరిదే చూసుకున్నాడు. అద్దంకి పత్తి మిల్లులో పని. వారానికి మూడుసార్లు బస్సెక్కి వచ్చి అన్నకు నీళ్లు పోసి, వీపు పుండ్లు కడిగి, పక్క మార్చి పోయేవాడు.

బావ పోయిన రోజు అతను మిల్లులో ఉన్నాడు. కబురు విని బస్సులోంచి అక్కకు మెసేజీ పెట్టాడు. ముందురోజే వచ్చి ఉన్న నాతో సహా అందరం అక్క చుట్టూ ఉన్నాం. ఏడుపుల్లో ఫోను ఏం చదివిందో నేను వినలేదు. ఖననమయ్యాక గుంటూరు వచ్చేశాను.

మూడో రోజు అతను సమాధి మీద చల్లే పూలు పట్టుకొస్తే అక్క తలుపు తీయలేదట. పదో రోజుకు నేను వెళ్లేసరికి ఒంటరిగా కూర్చుని ఉంది.

"ఎందుకే అట్టా చేశావు?" అన్నాను.

"పీడ వదిలిందనుకున్నాడు. నాకే రాశాడు. విను."

ఫోను ఆ మెసేజీ మళ్లీ చదివింది. "అన్న లేడంటే నమ్మలేకపోతున్నా వదినా. బాధ ఉన్నా ఊరట చెందిన ముఖం."

నా మాటే. పేరు గడిలో నేను కొట్టిన మాట, ఫోనులోని ఆడగొంతుతో, శవాన్ని ఎత్తిన మంచం పక్కన.

చెప్పాను. అది బొమ్మ పేరని, అతను రాసిన మాట కాదని, పెట్టింది నేనేనని.

"అంటే అతని కంటికి ఆ మాట కనపళ్లేదా?"

"బొమ్మే కనపడుద్దక్కా. ఏడుపని కొట్టుంటాడు. అదొచ్చుంటది. ఆ మాట పెట్టిందీ నేనే."

"రెండు వైపులా నువ్వేనా? మంచి పనే నేర్పాడు నాయన."

అక్క ఫోను పక్కన పెట్టింది.

"అతన్ని పిలువు," అంది.

మరునాడు వచ్చాడు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. నేను అంతా చెప్పాను. నా వంక చూడలేదు.

"ఏడుపని కొడితే నాలుగొచ్చినయ్. చుక్కుందని నొక్కా," అన్నాడు. "కానీ వదినా, అది పూర్తిగా అబద్ధం కాదు. బస్సులో ఊపిరి తేలికైంది. ఇక పుండ్లు కడగక్కర్లేదు గదా అనుకున్నా. దానికే ఏడ్చా," అన్నాడు.

అక్క ముఖంలో ఏ మార్పూ లేదు. చెయ్యి మాత్రం గడప వైపు చాచింది. "నాకూ అంతే. నన్ను ఆ మాట ఎవుడు అంటాడా అని భయపడతా కూర్చున్నా. ఫోను అనేసింది. కూర్చో."

అతను గడప లోపల కూర్చున్నాడు. ఇద్దరూ ఏడవలేదు.

తర్వాతి విడతలో ఆ పేరు మార్చమని రాశాను. మొదట 'చెమట చుక్కతో దిగులు ముఖం' అని పెడితే ఎర్రగా హెచ్చరిక వచ్చింది. ఆ పేరు అప్పటికే ఇంకో ముఖానిది. 'నుదుటి పక్కన చుక్కతో విచార ముఖం' అన్నాను. మిగిలినవాళ్లు ఇంగ్లీషుకు దగ్గరగా ఉన్నదే మేలన్నారు. పాతదే నిలిచింది. వెతికే మాటల్లోంచి 'ఏడుపు' తీయడానికి మాత్రం ఒప్పుకున్నారు. అది అక్క పాత ఫోనుకు ఎప్పుడు చేరుతుందో, అసలు చేరుతుందో లేదో తెలియదు.

నమాజు తర్వాత దువాలో ఆ మరిది కోసం అడుగుతాను. అతన్ని ఆ గడప దాటించినందుకు అల్లాకు కృతజ్ఞత చెప్పుకుంటాను. అతనిప్పుడు అక్కకు మెసేజీ పెట్టడు. ఫోను చేసి, "నేనే వదినా," అంటాడు.