బటన్ అంచు

సిద్దిపేట ఆఫీసులో చేరిన మొదటి వారం. నేను గీసిన యాప్ తెరల బొమ్మలు ఆ మధ్యాహ్నమే క్లయింట్‌కు వెళ్లాలి. మా లీడ్ అక్క నా వెనక నిలబడింది.

"గా బటన్‌ల తెలుగు పెట్టు, చూద్దాం."

బటన్లనూ, వాటి వరుసనూ ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో ఆటో లేఅవుట్‌తోనే కట్టాను. మాట పెరిగితే బటన్ పెరగాలి. "పే" తీసి "రుసుము చెల్లించండి" అని కొట్టాను. బటన్ కదల్లేదు. అక్షరాలు అంచు దాటి పక్క బటన్ మీద పడ్డాయి.

పొద్దున, కాస్త వెడల్పుగా ఉంటే బాగుంటుందని, అంచును మౌస్‌తో లాగాను. అప్పుడే వెడల్పు ‘ఫిక్స్‌డ్’ అయి, ఇక సాగకుండా పోయిందన్నమాట.

"చేత్తోని గుంజినవా చెల్లె?"

తలూపాను.

"వెడల్పుకు ‘హగ్’ పెట్టు."

పెట్టగానే బటన్ మాటంత సాగింది. పక్కది జరిగింది, మధ్య ఖాళీ చెక్కుచెదరలేదు. ఊపిరి పీల్చుకున్నాను.

"ఇంకెన్ని గుంజినవ్?"

అన్నీ.