పదిహేను నిమిషాల టీ విరామం

ఆ హోటల్లో సమావేశాల హాలు చూసుకునే సూపర్‌వైజర్‌ని అందరూ ఆరాలక్క అంటారు. ఆరా తీయనిదే ఆవిడకు ముద్ద దిగదు. ఉప్పు ప్యాకెట్టుకు వెళ్లినా కొట్టువాణ్ణి పది ప్రశ్నలు వేస్తుందని భర్త ఆటపట్టిస్తాడు.

ఆ ప్రశ్నలే ఇప్పుడు మెడకు చుట్టుకున్నాయి. ఆవిడ ఫోన్ చేసి సందేహాలు అడిగితే, మీ హోటల్లో ఎవరికీ ఏమీ తెలియదా అని ఒక కస్టమర్ విసుక్కున్నాడు. ఇంకొక్కసారి కస్టమర్‌కు ఫోన్ చేస్తే దుప్పట్ల గదికి బదిలీ చేస్తానని మేనేజరు తేల్చి చెప్పాడు. పద్నాలుగేళ్లు హాల్లో తిరిగిన మనిషికి కిటికీ లేని ఆ గదంటే భయం.

మర్నాటి టీచర్ల శిక్షణకు కావలసినవాటి కాగితం ఆ ఉదయమే వచ్చింది. తొంభై మంది. తెరకు ఎదురుగా వరసల్లో కుర్చీలు, ప్రొజెక్టర్, ప్రసంగాల బల్ల దగ్గర ఒక మైకు, వక్త కాలరుకు ఒకటి. మూడున్నరకు పావుగంట టీ. ఆపైన ఆరుగురు చొప్పున బల్లల చుట్టూ చర్చ, ప్రతి జట్టూ లేచి మాట్లాడాలి.

అక్కడ ఆవిడ వేలు ఆగిపోయింది. ఉన్నది నలుగురు మనుషులు. పావుగంటలో పదిహేను బల్లలు ఎలా తెస్తారు, తొంభై కుర్చీలు ఎలా తిప్పుతారు? మధ్యాహ్నం చేద్దామంటే ఆ నలుగురూ భోజనాల దగ్గరే ఉంటారు. పైగా జట్లు మాట్లాడటానికి చేతి మైకే లేదు.

హాలంతా అడుగులతో కొలిచింది. టీ బల్లను వరండాలోకి జరిపితే పొద్దుటి నుంచే గుండ్రటి బల్లలు వేయడానికి చోటు సరిపోతుంది. తెరకు వీపు పెట్టే కుర్చీ ఒక్కటీ లేకుండా సర్దవచ్చు. కానీ కస్టమర్ ఒప్పుకోకుండా కాగితం మార్చే హక్కు తనకు లేదు. మేనేజరుకు చెబితే, రాసిందే చెయ్యమని కాగితం వెనక్కి తోశాడు.

కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. చివరికి ఫోన్ తీసి, ఆ కాగితం పంపిన శిక్షణ నిర్వాహకురాలికి సంగతంతా చెప్పింది.

నిర్వాహకురాలు నొచ్చుకుంది. "ఈ కాగితం నలుగురికి చూపించానండీ. అందరూ బాగుందన్నారు."

"మీకు ఫోన్ చేయొద్దని నాకు గట్టిగా చెప్పారమ్మా. కానీ చేయకపోతే రేపు అందరి ముందూ మీకు మాటొస్తుంది."

సరే చూస్తానని నిర్వాహకురాలు ఫోన్ పెట్టేసింది. చూడటమంటే ఏమిటో? ఆరాలక్కకు సాయంత్రం వరకూ కాలు ఒక చోట నిలవలేదు. అయిదింటికి మేనేజరు పిలిచాడు. హాలు తాళాలు ఇచ్చేయడానికే సిద్ధపడి వెళ్లింది.

మేనేజరు నిర్వాహకురాలు పంపిన కొత్త కాగితం ముందుకు జరిపాడు. పదిహేను గుండ్రటి బల్లలు, వరండాలో టీ, అదనంగా రెండు చేతి మైకులు. అన్నిటికన్నా కింద: "ఫోన్ చేసి అడిగిన సూపర్‌వైజర్‌గారే రేపు రోజంతా హాల్లో ఉండాలి."

ఆవిడ కళ్లు తడిశాయి. పద్నాలుగేళ్లుగా ఆ కాగితాల్లో కుర్చీల లెక్క చూసింది, మైకుల లెక్క చూసింది. తను కావాలని ఎవరైనా రాయడం ఇదే మొదటిసారి.