క్లచ్ బిగించిన పాపం

ఈరోజు పొద్దున, మేం బతుకుదెరువుకు వలసొచ్చిన గోడాదరాలోని మా షెడ్డులో ఒక సాంచె పళ్లు రాలగొట్టాను. సాంచె అంటే పవర్‌లూమ్. పళ్లంటే దాని పెద్ద గేరువి. మనిషివైతే డాక్టరు కట్టుడు పళ్లు పెట్టేవాడు, ఇవి పోతపోసిన ఇనుము.

నేను ఆ షెడ్డులో మాస్టర్‌ని, అంటే సాంచెలు పాడైతే బాగుచేసేవాణ్ణి. నా వైద్యమంతా ఒకటే మందు: పానా. ఏది వదులైనా బిగిస్తాను. బిగించాక అవతలివాడు మెచ్చుకుంటే ఇంకాస్త బిగిస్తాను.

వారం కింద మా ఊరివాడే, వరసకు బావ అయ్యే నేతకారుడు నన్ను పిలిచాడు. తన సాంచె లేవడం లేదని, అంటే స్విచ్ వేయగానే ఊపందుకోవడం లేదని ఆయన బాధ. ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోటల్లా బట్టలో గీత పడుతోంది.

"మాస్టరూ, స్విచ్ ఏస్తే మోటారు ఉరుకుతది, సాంచె మాత్రం మా ముసలోని లెక్క మూలుగుతది. ఏందో జర చూడు."

చూశాను. మోటారు పెద్ద గేరును తిప్పుతుంది. ఆ గేరును క్రాంక్ షాఫ్ట్‌కు కలిపేది క్లచ్, అంటే రాపిడితో పట్టే లైనింగ్ వేసిన ప్లేటు, దాన్ని గేరుకు అదిమిపట్టే స్ప్రింగులు. పట్టు ఎంతన్నది స్ప్రింగులు ఎంత గట్టిగా నొక్కుతున్నాయి, ఆ ప్లేటు ఎంత వెడల్పుంది, లైనింగ్ ఎంత పొడిగా ఉంది అన్నవాటి మీద ఉంటుంది. వెడల్పు సరిగానే ఉంది, స్ప్రింగులు సరిగానే ఉన్నాయి. లైనింగ్ మాత్రం నూనెలో తడిసి, క్లచ్ జారిపోతోంది. పక్క బేరింగులో నూనె దండిగా పోసిన మహానుభావుణ్ణి నేనే.

చేయవలసింది తెలుసు. లైనింగ్ విప్పి, తుడిచి, ఆరబెట్టాలి. అప్పటికే బయట చాయ్ వచ్చింది. నేను స్ప్రింగు నట్లు చివరిదాకా బిగించాను. సాంచె ఎగిరి లేచింది. "గిట్ల ఉండాలె మాస్టరంటే!" అన్నాడు బావ. ఆ మాటతో చాయ్ ఇంకా తియ్యగా అనిపించింది.

ఆ క్లచ్ జారడం జబ్బు మాత్రమే కాదు, దాని ఉద్యోగం కూడా. నాడె, అంటే పోగును అటూ ఇటూ మోసే షటిల్, దారాల మధ్య ఇరుక్కుంటే సాంచె ఒక్కసారిగా ఆగిపోతుంది. మోటారు, గేరు మాత్రం అంత తొందరగా ఆగవు. ఆ క్షణంలో క్లచ్ జారి, మిగిలిన ఊపును వేడిగా మార్చి పోగొట్టాలి. పళ్లు మిగలాలంటే అదే దారి. నేను నూనె తడిలో కూడా పట్టేలా బిగించాను. వారమంతా ప్రతి స్టార్టుకూ కొంచెం కొంచెం రాసుకుని ఆ నూనె ఆరిపోయింది. ఆ తర్వాత బేరింగులో నూనె పోయడం మరిచిపోయాను, అది వేరే ఘనత. పొడి లైనింగ్ మీద నా బిగింపంతా పడేసరికి క్లచ్ పట్టు గేరు పళ్ల బలాన్ని దాటిపోయింది.

పొద్దున ఒక పోగు తెగింది, నాడె ఇరికింది, ఢాం అంది. క్లచ్ జారలేదు. పళ్లు నేలమీద గలగలా పడ్డాయి.

షెడ్డు యజమాని సేఠ్ పరుగెత్తుకొచ్చాడు. బావ వైపు వేలు చూపించి, "సో రహా థా క్యా? కల్ సే మత్ ఆనా!" అని అరిచాడు. నిద్రపోతున్నావా, రేపటినుంచి రావద్దని. బావ నా వైపు తిరిగాడు.

"మాస్టరూ, నువ్వైనా చెప్పు. పోగు తెగుడు, నాడె ఇరుకుడు రోజూ ఉన్నదే. ఇన్నాళ్లు రాలని పళ్లు ఇయ్యాలెందుకు రాలినయ్?"

నాకు తెలుసు. "చూడాలె" అన్నాను. పళ్లు విరగ్గొట్టడం ఒక తప్పు, ఆ ఒక్క మాట దానికన్నా పెద్ద తప్పు. బావ తువ్వాలు భుజాన వేసుకుని గేటు దాటాడు.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను. లేచి సేఠ్‌ను సాంచె దగ్గరికి తీసుకెళ్లి, చివరిదాకా దిగిన నట్లు చూపించాను. "సేఠ్, గల్తీ మేరీ హై," తప్పు నాదే అన్నాను. ఆయన నట్లను, తర్వాత నన్ను చూశాడు.

"మాస్టర్ హై యా కసాయి?"

మాస్టర్‌వా, కసాయివా అని. రెండూ, అన్నాను. బావను పిలిపించమన్నాను. సేఠ్ సరేనన్నాడు, ఫోను నేనే చేశాను.

బావ వచ్చి తిట్లతో మొదలుపెట్టాడు. "అరే, నా కొలువు పోతుంటే 'చూడాలె' అంటవా? ఏం చూస్తవ్, నా చెప్పునా?" అంటూ చెప్పు చూపించి పక్కనే పీట మీద కూర్చున్నాడు.

నేను స్టోరులోని పాత గేరు బిగించి, లైనింగ్ శుభ్రంగా తుడిచాను. మోటారుకున్న చిన్న గేరును, అంటే పిన్నియన్‌ను, పెద్ద గేరు నుంచి తప్పించి, క్రాంక్‌ను కదలకుండా కట్టేశాను. గేరుకు అడ్డంగా ఒక కడ్డీ బిగించి, దాని కొసన సంచి వేలాడదీసి అందులో ఇసుక పోస్తూ పోయాను. ఎంత బరువుకు గేరు జారితే అది ఈ క్లచ్ పట్టు. ఎప్పుడూ పళ్లు పోని పక్క సాంచె మీద ముందు అదే పరీక్ష చేసి, ఆ బరువుకే ఇదీ జారేదాకా నట్లన్నీ సమానంగా వదులు చేశాను. స్విచ్ వేస్తే సాంచె మూలగకుండా లేచింది.

"అయితే ఇరికినప్పుడు జారుతదా?" అన్నాడు బావ.

"జారుతది. జారినప్పుడు చూసుకుంట నిలబడకు, మోటారు బంజెయ్యి. లేకుంటే లైనింగ్ కాలుతది."

సాయంత్రం షిఫ్ట్ మారేలోపు, నేను ఇలాగే బిగించానని గుర్తున్న మిగతా సాంచెల దగ్గరికి ఆ ఇసుక సంచి మోసుకుని ఒక్కొక్కటిగా వెళ్లాను. నట్లు వదులు చేస్తూ, ఆయా నేతకారులకు ఎందుకో చెప్పాను. బావ కడ్డీ పట్టుకుని నా వెనకే వచ్చాడు. అందరి దగ్గరా నా కథ నాకన్నా ముందు తనే చెప్పేశాడు.